రెజ్యూమేకి రసీదు నంబర్: ఏ కంపెనీకి ఏ కాపీ వెళ్లిందో తెలిసేలా పెట్టుకోవడం ఎలా

మొదటిసారి ఉద్యోగం మారుతున్న రోజుల్లో ఒక కంపెనీలో రెండో రౌండ్ ఇంటర్వ్యూకి కూర్చున్నాను. ఎదురుగా ఉన్నాయన చేతిలో రెండు ప్రింట్లు ఉన్నాయి. రెండూ నా రెజ్యూమేలే. ఒకటి కన్సల్టెన్సీ వాళ్లు పంపింది, రెండోది ఆ కంపెనీలోనే పనిచేస్తున్న మా సీనియర్ రిఫరల్‌లో పెట్టింది. ఒకదాంట్లో నేను పాత కంపెనీలో చేరింది జూన్ అని ఉంది, ఇంకోదాంట్లో ఆగస్టు అని ఉంది. ట్రైనింగ్ మొదలైంది జూన్‌లో, అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం చేరింది ఆగస్టులో. ఆ తేదీని నేను ఎప్పుడో సరిచేశాను. కానీ సరిచేయని కాపీ మా సీనియర్ ఫోన్‌లో, వాట్సాప్‌లో అలాగే ఉండిపోయింది.

"ఏది కరెక్ట్?" అని ఆయన అడిగినదానికి జవాబు చెప్పగలిగాను. ఇంటికొచ్చాక నాకు నేనే వేసుకున్న ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు: జూన్ కాపీ ఇంకా ఎవరెవరి దగ్గర ఉంది? నా దగ్గరున్న ఫైళ్ల పేర్లు resume_final, resume_final_new, resume_latest (2). వాటిని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఆ తర్వాత నేను అలవాటు చేసుకున్న పద్ధతి మన ఊళ్లో రసీదు పుస్తకం లాంటిది. రసీదు చింపి ఇస్తాం, అదే నంబర్ ఉన్న కౌంటర్‌ఫాయిల్ మన దగ్గరే ఉంటుంది. ఎవరైనా రసీదు తెచ్చి చూపిస్తే నంబర్ చూసి అది ఏ రోజు, ఎవరికి, దేనికి ఇచ్చామో చెప్పేస్తాం. రెజ్యూమేకి కూడా అదే చేయాలి. బయటికి వెళ్లే ప్రతి కాపీకి ఒక నంబర్, మన దగ్గర దాని అచ్చు నకలు, ఒక రిజిస్టర్. అంతకు మించి ఏమీ లేదు. దాన్ని ఎక్కడ, ఎలా పెట్టాలో వివరంగా చెబుతాను.

ముందు చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోటికి చేర్చండి

కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ చేసి దాంట్లో మూడు ఫోల్డర్లు పెట్టండి.

```
Resume
  01_Base
  02_Sent
  03_Old
```

ఇప్పుడు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, పెన్‌డ్రైవ్, ఫోన్‌లో వాట్సాప్ డాక్యుమెంట్లు, ఇలా ఎక్కడ రెజ్యూమే కనిపించినా తెచ్చి `03_Old`లో పడేయండి. వేటినీ డిలీట్ చేయకండి. పాతవి చెత్తే అయినా, వాటిలో కొన్ని ఇప్పటికే ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఏం చూస్తూ మాట్లాడుతున్నారో తెలియాలంటే ఆ ఫైల్ మన దగ్గర ఉండాలి.

ఏది ఎవరికి వెళ్లిందో గుర్తు లేకపోతే జీమెయిల్ సెర్చ్‌లో ఇలా టైప్ చేయండి. తేదీ మాత్రం మీరు ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన రోజుకి మార్చుకోండి.

```
in:sent filename:pdf after:2025/01/01
```

వర్డ్ ఫైళ్లు కూడా పంపి ఉంటే `pdf` బదులు `docx` పెట్టి మళ్లీ వెతకండి. వచ్చిన మెయిళ్లలో అటాచ్ అయి ఉన్న ఫైల్‌నే దింపుకోవాలి. మీ డెస్క్‌టాప్ మీద అదే పేరుతో ఉన్నది ఆ తర్వాత మార్చింది కావచ్చు. రెండు వర్డ్ ఫైళ్లు ఒకేలా కనిపిస్తూ తేడా ఎక్కడుందో తెలియకపోతే వర్డ్‌లోనే Review ట్యాబ్‌లో Compare అని ఉంటుంది. రెండింటినీ ఇస్తే మారిన ప్రతి మాటా రంగులో చూపిస్తుంది. ఈ పనికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ ఒక్కసారే.

బేస్ ఫైళ్లు ఎన్ని ఉండాలి

`01_Base`లో మీరు వెతుకుతున్న ఒక్కో రకం ఉద్యోగానికి ఒక్కో వర్డ్ ఫైల్ ఉండాలి. కంపెనీకి ఒకటి కాదు, ఉద్యోగం రకానికి ఒకటి. మా పిన్ని కూతురు నాలుగేళ్లుగా టెస్టింగ్‌లో ఉంది. టెస్టింగ్ ఉద్యోగాలకీ, బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగాలకీ అప్లై చేస్తోంది. తనకి రెండే బేస్‌లు:

```
Base_QA.docx
Base_BA.docx
```

బేస్ ఫైల్ ఎప్పుడూ బయటికి వెళ్లదు. ఇంకో నియమం కూడా ఉంది, ఇది తప్పితే మిగతా పద్ధతంతా వృథా అవుతుంది: తప్పు ఎక్కడ కనిపించినా ముందు బేస్‌లో సరిచేయాలి. మనం సాధారణంగా చేసేది దీనికి రివర్స్. ఒక కంపెనీకి పంపబోతూ ఫోన్ నంబర్ తప్పు ఉందని చూస్తాం, ఆ కాపీలో దిద్దేసి పంపేస్తాం. బేస్‌లో పాత నంబర్ అలాగే ఉంటుంది. పది రోజుల తర్వాత ఇంకో కంపెనీకి బేస్ నుంచి కాపీ చేసినప్పుడు పాత నంబర్ మళ్లీ బయటికొస్తుంది. దిద్దిన తప్పు తిరిగొచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

రోజుల్లోనే పాతబడిపోయే విషయాలు అసలు రెజ్యూమేలో పెట్టకండి. మన దగ్గర చాలామంది నోటీస్ పీరియడ్, చివరి పనిదినం, ప్రస్తుత సీటీసీ, ఆశిస్తున్న సీటీసీ రెజ్యూమే పైభాగంలోనే రాస్తారు. రిక్రూటర్లు అడుగుతారు కాబట్టి రాస్తారు. కానీ ఒక నెలలో ఇవన్నీ మారిపోవచ్చు. వాటిని మెయిల్ బాడీలో రాస్తే సరిపోతుంది, ఆ మెయిల్‌కి తేదీ దానంతట అదే ఉంటుంది. రెజ్యూమే పాతబడే వేగం దీంతోనే సగం తగ్గుతుంది.

నంబర్, పేరు

పంపే ప్రతి కొత్త కాపీకి బేస్ పేరు, వరుస నంబర్ కలిపి ఒక గుర్తు ఇవ్వండి: QA01, QA02, BA01. ఒకసారి వాడిన నంబర్‌ని మళ్లీ వాడకూడదు. పంపిన తర్వాత ఒక్క కామా మార్చినా కొత్త నంబరే. ఫైల్ పేరు ఇలా ఉంటుంది:

```
Peru_Intiperu_Resume_QA12.pdf
```

పేరు మొదట ఎందుకంటే రిక్రూటర్ డౌన్‌లోడ్స్‌లో ఆ రోజు దిగిన ఫైళ్లన్నీ resume అనే పేరుతోనే ఉంటాయి. వాటి మధ్య మీది దొరకాలి. సర్టిఫికెట్లలో ఉన్న పేరునే వాడండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఒకసారి నిర్ణయించుకుని అన్ని ఫైళ్లకీ అలాగే ఉంచండి.

కంపెనీ పేరు ఫైల్ పేరులో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను వద్దంటాను. ABC కంపెనీ పేరున్న ఫైల్ పొరపాటున XYZ కంపెనీకి వెళ్తే అది తప్పుడు ఫైల్ అని తెరవకముందే అవతలివాళ్లకి తెలిసిపోతుంది. QA12 అన్నది మనకి మాత్రమే అర్థమయ్యే గుర్తు, వాళ్లకి అదొక నంబర్ అంతే. final, latest, new అన్న మాటలూ వద్దు. ఈరోజు latest అయింది రేపు కాదు.

ఆ నంబర్‌నే రెజ్యూమే లోపల కూడా పెట్టండి. వర్డ్‌లో ఫుటర్ తెరిచి కుడివైపు చివర 7 లేదా 8 సైజులో, లేత బూడిద రంగులో QA12 అని రాయండి. ఇది అనవసరం అనిపించవచ్చు. కానీ ఫైల్ పేరు మన చేతిలో ఉండదు. జాబ్ సైట్ నుంచి రిక్రూటర్ దింపుకున్నప్పుడు పేరు మారిపోతుంది, హెచ్‌ఆర్ వాళ్లు తమకి అనుకూలంగా పేరు మార్చి ప్యానెల్‌కి పంపుతారు, ప్రింట్ తీస్తే పేరే ఉండదు. ఫుటర్‌లో నంబర్ మాత్రం వీటన్నిటి తర్వాతా నిలుస్తుంది. ఫోన్ ఇంటర్వ్యూలో అనుమానం వస్తే "మీ దగ్గరున్న కాపీలో కింద కుడివైపు ఏ నంబర్ ఉందో చెప్తారా అండీ?" అని మర్యాదగా అడగవచ్చు. నేను రెండుసార్లు అడిగాను, ఇద్దరూ చూసి చెప్పారు.

పీడీఎఫ్ చేసేటప్పుడు చూడాల్సినవి

బేస్‌ని కాపీ చేసి, ఆ ఉద్యోగానికి తగ్గట్టు మార్పులు చేసి, ఫుటర్ నంబర్ మార్చి, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. ఇక్కడ కంటికి కనిపించని పొరపాటు ఒకటి ఉంది. మనలో చాలామంది మొదటి రెజ్యూమేని ఎవరో సీనియర్ ఫైల్ తీసుకుని, వివరాలు మార్చి చేసుకున్నవాళ్లమే. ఆ వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో Title అనే గడిలో సీనియర్ పేరు అలాగే ఉండిపోవచ్చు. పీడీఎఫ్ చేసినప్పుడు అది కూడా వెంట వస్తుంది. మీ ఫైల్ పేరు సరిగ్గానే ఉంటుంది, కానీ రిక్రూటర్ బ్రౌజర్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద ఇంకొకరి పేరు కనిపిస్తుంది. వర్డ్‌లో File, తర్వాత Info నొక్కితే కుడివైపు Title, Author కనిపిస్తాయి. రెండూ మీ పేరుకి మార్చండి. బేస్ ఫైల్‌లోనే మారిస్తే మళ్లీ చూడక్కర్లేదు. పీడీఎఫ్‌ని ఒకసారి క్రోమ్‌లోకి లాగి ట్యాబ్ మీద ఏముందో చూస్తే నిజం తెలిసిపోతుంది.

తర్వాత ఈ పీడీఎఫ్‌నీ, దాని వర్డ్ ఫైల్‌నీ, ఉద్యోగ ప్రకటన కాపీనీ `02_Sent` లోపల ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఫోల్డర్ పేరులో మాత్రం కంపెనీ పేరు ఉండాలి, ఎందుకంటే అది బయటికి వెళ్లదు.

```
02_Sent
  QA11_2025-03-05_ABC
  QA12_2025-03-07_XYZ
  BA03_2025-03-10_PQR
```

తేదీలో సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర. మనకి అలవాటైన 05/03/2025 పద్ధతి ఇక్కడ పనికిరాదు. విండోస్ ఫైల్ పేర్లలో ఆ ఏటవాలు గీతని ఒప్పుకోదు, పైగా రోజు ముందు వస్తే నెలలు కలగాపులగం అవుతాయి. ప్రకటన కాపీ ఎందుకంటే చాలా కంపెనీలు గడువు కాగానే ప్రకటన పేజీ తీసేస్తాయి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి ఆ కాపీలో ఏ స్కిల్‌ని ఎందుకు పైకి తెచ్చారో మీకే గుర్తుండదు.

పంపిన పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి Properties‌లో Read-only టిక్ పెట్టండి. అది కౌంటర్‌ఫాయిల్. దాన్ని ఇక ఎవరూ దిద్దకూడదు, మీరు కూడా.

గూగుల్ డ్రైవ్ లింక్ పంపితే ఎప్పుడూ తాజా కాపీయే ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది, కానీ ఇంటర్వ్యూ రోజు వాళ్లు ఏ కాపీ చూశారో మీకు తెలియదు. పైగా రిక్రూటర్ మొదటి రోజే దింపుకుని ఉంటే వాళ్ల దగ్గరున్నది పాతదే. లింక్ తెరవాలంటే అనుమతి అడిగే సెట్టింగ్ ఉండిపోతే అసలు తెరుచుకోదు. ఉద్యోగ దరఖాస్తుకి ఫైలే పంపండి.

రిజిస్టర్

గూగుల్ షీట్స్ చాలు. ఎక్కువ గడులు పెడితే నాలుగో రోజుకి నింపడం మానేస్తాం. నంబర్, తేదీ, కంపెనీ, ఉద్యోగం (జాబ్ ఐడీ ఉంటే అది), ఎలా వెళ్లింది, ఎవరి చేతికి, పరిస్థితి. ఈ ఏడూ సరిపోతాయి. మెయిల్‌లో నోటీస్ పీరియడ్, సీటీసీ ఏం చెప్పారో ఎనిమిదో గడిలో రాసుకుంటే హెచ్‌ఆర్ ఫోన్ వచ్చినప్పుడు తడబడరు. వరుసని పంపిన తర్వాత కాకుండా పంపే ముందే రాయండి. పంపాక రాద్దాం అనుకున్నది రాయం.

"ఎలా వెళ్లింది" అన్న గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకే కంపెనీకి రెండు దారుల్లో వెళ్తే నాకు జరిగినట్టే జరుగుతుంది. కన్సల్టెన్సీ అడిగినప్పుడు ముందు రిజిస్టర్‌లో ఆ కంపెనీ పేరు వెతకండి. ఇప్పటికే ఉంటే వాళ్లకి చెప్పేయండి.

కన్సల్టెన్సీల విషయంలో ఇంకో జాగ్రత్త. చాలాచోట్ల వాళ్లు రెజ్యూమేని తమ ఫార్మాట్‌లోకి మార్చి, తమ లోగో పెట్టి, మీ ఫోన్ నంబర్ తీసేసి క్లయింట్‌కి పంపుతారు. అప్పుడు ఫుటర్ నంబర్ కూడా పోతుంది. అమెరికాలో కాంట్రాక్ట్ ఉద్యోగాలు చేసే మనవాళ్లకి ఇది మరీ ముఖ్యం. "క్లయింట్‌కి సబ్మిట్ చేసిన కాపీ నాకు పంపండి" అని మెయిల్‌లో అడిగి, వచ్చినదాన్ని అదే నంబర్ ఫోల్డర్‌లో పెట్టండి. మీరు రాయని స్కిల్ దాంట్లో చేరి ఉంటే ఇంటర్వ్యూకి ముందే తెలుస్తుంది, తీసేయమని చెప్పే అవకాశం ఉంటుంది.

మన చేతిలో లేని కాపీలు

రిజిస్టర్ కింద విడిగా ఇంకో చిన్న పట్టిక పెట్టండి. ఇందులో కంపెనీలు కాదు, రెజ్యూమే నిలవ ఉండే చోట్లు రాయాలి: నౌక్రీ ప్రొఫైల్, లింక్డ్‌ఇన్, ఒక్కో కంపెనీ కెరీర్ పోర్టల్, రిఫర్ చేస్తామన్న స్నేహితులు, వాక్-ఇన్ కోసం తీసిన ప్రింట్లు. ఒక్కోదాని పక్కన ప్రస్తుతం అక్కడున్న నంబర్ రాయాలి.

లింక్డ్‌ఇన్‌లో ఈజీ అప్లై నొక్కినప్పుడు ఇంతకుముందు వాడిన రెజ్యూమేలు చూపిస్తుంది, వాటిలో ఒకటి ముందే ఎంపికై ఉంటుంది. తొందరలో Next నొక్కుకుంటూ పోతే పాతది వెళ్లిపోతుంది. పేరు చివర నంబర్ ఉంటే ఇక్కడే ఆగి చూస్తారు. జాబ్ అప్లికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాతవి తీసేస్తే ఇంకా మంచిది. కంపెనీ పోర్టళ్లలో కూడా గతేడాది పెట్టిన ఫైల్ దానంతట అదే అతుక్కుని ఉంటుంది.

అన్నిటికన్నా మొండివి స్నేహితుల ఫోన్లలో ఉన్నవి. రిఫరల్ కోసం పంపేటప్పుడు ఒక మాట జోడించండి: "అన్నా, ఇది QA12. ఇంతకుముందు పంపింది డిలీట్ చేసెయ్. ఇప్పుడు వెంటనే పెట్టడం కుదరకపోతే, పెట్టే రోజు ఒకసారి నాకు చెప్పు, కొత్తది ఉంటే పంపుతాను." పెట్టాక స్క్రీన్‌షాట్ అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ఆ సీనియర్‌ని నేను ఆ రోజు అడిగి ఉంటే జూన్, ఆగస్టు గొడవే ఉండేది కాదు.

వాక్-ఇన్‌కి పది ప్రింట్లు తీసి, ఆరు ఇచ్చి, నాలుగు బ్యాగులో ఉంచుకుంటాం. రెండు నెలల తర్వాత ఆ నాలుగే ఇంకో డ్రైవ్‌లో ఇచ్చేస్తాం. కొత్త నంబర్ చేసిన రోజే బ్యాగులోవి చింపేయండి. జిరాక్స్ షాపులో వాట్సాప్ వెబ్ తెరిచి ప్రింట్ తీయించుకుంటే వచ్చేముందు లాగౌట్ చేసి, వాళ్ల డౌన్‌లోడ్స్‌లో మీ ఫైల్ కూడా తీయించండి.

పంపే నిమిషం

మెయిల్‌కి ఫైల్‌ని `02_Sent`లోని ఆ కంపెనీ ఫోల్డర్ నుంచే అటాచ్ చేయండి. Recent నుంచి గానీ డౌన్‌లోడ్స్ నుంచి గానీ వద్దు. క్రోమ్‌లో ఒకే ఫైల్‌ని రెండోసారి దింపితే పేరు చివర (1) చేరుతుంది, అక్కడినుంచే అయోమయం మొదలవుతుంది. అటాచ్ చేశాక మెయిల్‌లోనే దాని మీద నొక్కి తెరిచి మూడు చూడండి: ఫుటర్ నంబర్, పైన ఫోన్ నంబర్, ప్రస్తుత కంపెనీ తేదీలు. To గడి చివర నింపండి, అప్పుడు సగంలో పొరపాటున పంపినా ఎవరికీ వెళ్లదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో Undo Send గడువు 30 సెకన్లకి పెంచుకోండి. మొదట్లో అది 5 సెకన్లే ఉంటుంది.

ఏదైనా మారినప్పుడు: మా పిన్ని కూతురి లెక్క

తను 2025 మార్చి 3న రాజీనామా చేసింది. 60 రోజుల నోటీసు, చివరి రోజు మే 2. QA11 మెయిల్‌లో ABCకి, QA12 XYZలో రిఫరల్ కోసం స్నేహితురాలికి, BA03 పోర్టల్‌లో PQRకి వెళ్లాయి. నౌక్రీలో ఉన్నది QA12. మార్చి 18న టెస్టింగ్ సర్టిఫికేషన్ పాసైంది. అదే రోజు రెజ్యూమే చదువుతుంటే ఒక ప్రాజెక్ట్ ముగిసిన నెల తప్పు పడిందని చూసింది.

ముందు రెండు బేస్‌లూ సరిచేసింది. QA13 తయారుచేసింది. తర్వాత రిజిస్టర్‌లో ఇంకా నడుస్తున్న వరుసలు చూసింది. PQR నుంచి అప్పటికే కాదని జవాబు వచ్చింది, కాబట్టి అక్కడ చేయాల్సింది లేదు. XYZకి స్నేహితురాలు ఇంకా పెట్టలేదు, ఆమెకి QA13 పంపి పాతది తీసేయమంది. నౌక్రీలో QA13 పెట్టి చోట్ల పట్టికలో నంబర్ మార్చింది. మిగిలింది ABC. అక్కడ మూడు రోజుల్లో ఇంటర్వ్యూ. పాత మెయిల్‌కే రిప్లైగా QA13 జోడించి, "ప్రాజెక్ట్ ముగింపు నెల సరిచేశాను, కొత్త సర్టిఫికేషన్ చేర్చాను, ముందు పంపిన కాపీ బదులు దీన్ని తీసుకోగలరు" అని రెండు వాక్యాలు రాసింది. ఏం మారిందో చెప్పకుండా "updated resume" అని మాత్రం పంపితే అవతలివాళ్లు రెండూ పోల్చి చూసుకోవాలి, చాలాసార్లు చూడరు.

సర్టిఫికెట్ ఒక్కటే కొత్తగా వచ్చి ఉంటే ABCకి మళ్లీ పంపక్కర్లేదని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో నోటితో చెప్పవచ్చు. తేదీలు, కంపెనీ పేరు, హోదా, చదువు, ఫోన్ నంబర్ తప్పైతే మాత్రం తప్పకుండా మళ్లీ పంపాలి. ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్లతో పోల్చేది ఆ వివరాలనే.

ఇంటర్వ్యూకి రెండు ప్రింట్లూ పట్టుకెళ్లింది, QA11, QA13. ప్యానెల్‌లో ఆయన దగ్గర ఉన్నది QA11. మెయిల్ హెచ్‌ఆర్ దగ్గరే ఆగిపోయింది. ఫుటర్ చూసి, "సార్, తర్వాత పంపిన కాపీలో రెండో ప్రాజెక్ట్ నెల మార్చాను" అని చెప్పి QA13 అందించింది. ఆయన తీసుకుని పాతదాన్ని పక్కన పెట్టి, మొదటి ప్రశ్న అడిగారు.

ఉద్యోగంలో చేరాక కూడా ఆ ఫోల్డర్‌ని వెరిఫికేషన్ పూర్తయ్యేదాకా కదిలించకండి. నౌక్రీ ప్రొఫైల్ కనిపించకుండా సెట్టింగ్ మార్చి, చోట్ల పట్టికలో ఆ వరుస పక్కన తేదీ వేయండి.